డబ్బాకు యాభై రూపాయల లాభం: ఫౌండర్ ఉత్తరంలో సగటు దాచేదేమిటి?

బెంగళూరులో తెలుగువాళ్లు పెట్టే చిన్న స్టార్టప్‌లకు మొదటి పెట్టుబడి చాలావరకు తెలిసినవాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. పాత ఆఫీసులో టీమ్ లీడ్, కాలేజీ సీనియర్, అమెరికాలో ఉన్న బావ, స్థలం అమ్మితే చేతికి డబ్బొచ్చిన బాబాయ్. తలా ఐదో పదో లక్షలు పెడతారు. మూడు నెలలకోసారి ఫౌండర్ దగ్గర్నుంచి మెయిల్ వస్తుంది. అందులో ఎక్కడో ఒకచోట "మన యూనిట్ ఎకనామిక్స్ పాజిటివ్‌గా ఉంది, ఇక స్కేల్ చేయడమే మిగిలింది" అని ఉంటుంది. యూనిట్ ఎకనామిక్స్ అంటే ఒక్కో అమ్మకం మీద వచ్చేదెంత, పోయేదెంత అనే లెక్క. చాలామంది అక్కడిదాకా చదివి "సూపర్ తమ్ముడూ, ఆల్ ది బెస్ట్" అని రిప్లై కొట్టేస్తారు. తర్వాతి మెయిల్‌లో ఇంకొంచెం డబ్బు అడిగినప్పుడు మాత్రం ఏం చూసి ఇవ్వాలో అర్థం కాక తల గోక్కుంటారు.

అలాంటి ఉత్తరం ఒకటి తీసుకుని, అందులోని లెక్కలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం. ఇందులో కంపెనీ కల్పితం, అంకెలు నేను వేసుకున్నవి. లెక్క నడిచే తీరు మాత్రం తిండి డెలివరీ వ్యాపారాల్లో మామూలుగా కనిపించేదే.

కంపెనీ చేసేది ఆంధ్రా భోజనం డబ్బాలు. మారతహళ్లిలో ఒక కిచెన్ ఉంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు, అంటే నెలకు 22 రోజులు, మధ్యాహ్నం పూట ఆఫీసులకు అన్నం, పప్పు, ఒక వేపుడు, పులుసు, పెరుగు, గోంగూర పచ్చడి పంపిస్తారు. ఆర్డర్లన్నీ సొంత యాప్‌లోనే. ఫౌండర్ ఇలా రాశాడు:

"అన్నలకు, అక్కలకు, బాబాయికి నమస్కారం. ఈ క్వార్టర్‌లో రోజుకు 800 డబ్బాలకు చేరుకున్నాం. గ్రాస్ మార్జిన్ 58 శాతం. డెలివరీతో సహా ఖర్చులన్నీ పోను డబ్బాకు 50 రూపాయలు మిగులుతున్నాయి. కిచెన్ అద్దె, వంటవాళ్ల జీతాలు, కరెంటు కలిపి నెలకు 6 లక్షలు తీసేసినా మారతహళ్లి కిచెన్ 2.8 లక్షలు సంపాదిస్తోంది. హెడ్ ఆఫీసు ఖర్చు 9 లక్షలు కాబట్టి ప్రస్తుతానికి నష్టం కనిపిస్తోంది. హెచ్ఎస్ఆర్, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లో ఇంకో మూడు కిచెన్లు పెడితే నాలుగింటి మీద 11.2 లక్షలు వస్తాయి, కంపెనీ లాభాల్లో పడుతుంది. కొత్త కస్టమర్‌కు 500 ఖర్చు పెడుతున్నాం, అతని మీద 4,000 సంపాదిస్తున్నాం. ఇందుకోసం 2 కోట్లు సమకూర్చుకుంటున్నాం."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కూడికలు, గుణకారాలు అన్నీ సరిపోతాయి. రోజుకు 800 డబ్బాలు, 22 రోజులు, డబ్బాకు 50 చొప్పున 8.8 లక్షలు. అందులోంచి 6 లక్షలు పోతే 2.8. నాలుగుతో గుణిస్తే 11.2. చిక్కంతా ఆ నాలుగుతో గుణించడంలోనే ఉంది.

ముందు ఆ 50 ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం.

డబ్బా విప్పితే

డిస్కౌంట్ పోను కస్టమర్ సగటున 189 రూపాయలు కడుతున్నాడు. అందులో 9 రూపాయలు 5 శాతం జీఎస్టీ, అది ప్రభుత్వానిది. కంపెనీకి వచ్చేది 180. సరుకులు, గ్యాస్ కలిపి 76. ఇదొక్కటే తీసేస్తే మిగిలేది 104. ఉత్తరంలో మొదట గొప్పగా కనిపించే 58 శాతం గ్రాస్ మార్జిన్ అదే. తిండి వ్యాపారంలో ఆ అంకెను నేను పెద్దగా పట్టించుకోను. వండిన అన్నం కిచెన్‌లోనే ఉంటే దానికి విలువ లేదు, అది పన్నెండున్నరకు ఎవరి టేబుల్ మీదో ఉండాలి.

ఇంకా తీసెయ్యాల్సినవి ఉన్నాయి. ప్యాకింగ్‌కు 12. మిగిలిపోయి పారేసే వంటకు 6. పేమెంట్ ఫీజులకు 4. పులుసు కారిందనో డబ్బా ఆలస్యమైందనో వాపసిచ్చే డబ్బు, కస్టమర్ కేర్ కలిపి 6. ఇక్కడిదాకా, సరుకులతో కలిపి, 104 అయింది. డెలివరీకి సగటున 26. మొత్తం 130. మిగిలింది 50. దీన్నే కాంట్రిబ్యూషన్ మార్జిన్ అంటారు: ఇంకో డబ్బా అమ్మితే అద్దెలూ జీతాలూ కట్టుకోవడానికి చేతికొచ్చే డబ్బు.

ఇక్కడ ఒక చిన్న మాట. సాఫ్ట్‌వేర్ నుంచి తిండి వ్యాపారంలోకి వచ్చినవాళ్లు జీఎస్టీ దగ్గర తరచూ తడబడతారు. రెస్టారెంట్ తరహా 5 శాతం స్లాబులో ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. ప్లాస్టిక్ డబ్బాల మీద, ప్రకటనల బిల్లు మీద, గేట్‌వే ఫీజు మీద కట్టే 18 శాతం వెనక్కి రాదు, అది నికరంగా ఖర్చే. ప్యాకింగ్ ఖర్చును జీఎస్టీ లేకుండా రాసి ఉంటే 12 కాస్తా 10 అయిపోతుంది. డబ్బాకు రెండు రూపాయలంటే తేలిగ్గా అనిపిస్తుంది గానీ నెలకు 17,600 డబ్బాల మీద అది 35 వేలు. ఉత్తరం చదివేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఫౌండర్ లెక్కలు ఎంత జాగ్రత్తగా రాస్తున్నాడో తెలిసిపోతుంది. మన ఫౌండర్ సరిగ్గానే రాశాడు అనుకుందాం.

అయితే 50 నిజమే కదా, మరి ఇబ్బందేంటి?

సగటు వెనక రెండు ఊళ్లు

రోజుకు వెళ్లే 800 డబ్బాల్లో 640 మారతహళ్లి, బెళ్లందూరు చుట్టుపక్కల టెక్ పార్కులకు. మిగతా 160 హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌కు. హెచ్ఎస్ఆర్‌లో మూడు నెలల క్రితమే మొదలుపెట్టారు, ఇంకా డబ్బాలు మారతహళ్లి నుంచే వెళ్తున్నాయి. ఈ రెండింటినీ విడదీసిన టేబుల్ ఉత్తరంలో లేదు. అడిగితే ఇస్తారు. డిస్పాచ్ షీట్‌లో ఏ డబ్బా ఎక్కడికి వెళ్లిందో ఎలాగూ ఉంటుంది.

డెలివరీ ఖర్చు ముందు చూద్దాం. డెలివరీ బాయ్‌కు మధ్యాహ్నం షిఫ్టుకు పెట్రోలుతో కలిపి 400 ఇస్తున్నారు. అతని చేతిలో ఉన్నది రెండున్నర గంటలు, అంటే 150 నిమిషాలు. పన్నెండుకు ముందు ఎవరూ తినరు, రెండున్నర దాటితే ఎవరికీ అక్కర్లేదు. కాబట్టి డబ్బాకు డెలివరీ ఎంత పడుతుందనేది, ఆ 150 నిమిషాల్లో అతను ఎన్ని డబ్బాలు ఇవ్వగలడు అనేదాని మీదే ఆధారపడుతుంది.

మారతహళ్లి వైపు వెళ్లేవాడికి కిచెన్ నుంచి వెళ్లి రావడానికి అరగంట పోతుంది. మిగిలిన 120 నిమిషాల్లో డబ్బాకు సగటున 6 నిమిషాలు. ఎందుకంత తక్కువ? ఒక టెక్ పార్కు గేటు దగ్గర బండి ఆపితే సెక్యూరిటీ లోపలికి పంపడు, కస్టమర్లే కిందికి రావాలి. ఒకే కంపెనీలో నలుగురు తెలుగువాళ్లు ఉంటే, ఒకడు కిందికి దిగి నాలుగు డబ్బాలూ పట్టుకుపోతాడు. ఒక ఫోన్ కాల్, ఒక ఎదురుచూపు, నాలుగు డబ్బాలు. ఈ లెక్కన షిఫ్టుకు 20 డబ్బాలు, డబ్బాకు 20 రూపాయలు.

హెచ్ఎస్ఆర్ వైపు వెళ్లేవాడికి ఔటర్ రింగ్ రోడ్డు మీద పోవడానికి, రావడానికే 70 నిమిషాలు పోతాయి. మిగిలేది 80. అక్కడ ఆర్డర్లు చెదురుమదురుగా ఉన్నాయి: ఒక సెక్టార్‌లో చిన్న స్టార్టప్ ఆఫీసు, ఇంకో సెక్టార్‌లో ఇంటి నుంచి పనిచేసే అమ్మాయి, మూడో చోట లిఫ్టు పనిచేయని నాలుగో అంతస్తు. ఒక్కో డబ్బాకు పది నిమిషాలు. 80 నిమిషాల్లో 8 డబ్బాలు. డబ్బాకు 50 రూపాయలు.

640 డబ్బాలకు 20 చొప్పున 12,800. 160 డబ్బాలకు 50 చొప్పున 8,000. మొత్తం 20,800ను 800తో భాగిస్తే 26. డెలివరీ ఖర్చు సగటు అలా వచ్చింది.

రాబడి కూడా రెండు చోట్లా ఒకేలా లేదు. మారతహళ్లిలో పాత కస్టమర్లు డిస్కౌంట్లు పెద్దగా వాడరు, డబ్బాకు జీఎస్టీ పోను 185 వస్తోంది. హెచ్ఎస్ఆర్‌లో మొదటి ఐదు డబ్బాలకు ఆఫర్లు నడుస్తున్నాయి కాబట్టి 160 వస్తోంది. వంట, ప్యాకింగ్, మిగతావన్నీ రెండు చోట్లా 104 అనుకుంటే, మారతహళ్లి డబ్బాకు 61 రూపాయలు మిగులుతోంది. హెచ్ఎస్ఆర్ డబ్బాకు 6 రూపాయలు.

అరవై ఒకటి, ఆరు. ఈ రెండింటినీ కలిపితే ఉత్తరంలోని 50 వస్తుంది. కానీ 50 రూపాయలు మిగిలే డబ్బా ఈ కంపెనీలో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ నాలుగుతో గుణించడం ఎందుకు చిక్కో తెలుస్తుంది. కొత్తగా పెట్టబోయే మూడు కిచెన్లు మారతహళ్లికి నకళ్లు కావు. మొదటి రోజు వాటి పరిస్థితి హెచ్ఎస్ఆర్‌లా ఉంటుంది. స్కేల్ అంటే తర్వాత అమ్మబోయే డబ్బా సంగతి. ఇప్పటిదాకా అమ్మినవాటి సగటు దాని గురించి చాలా తక్కువ చెబుతుంది.

పెద్ద కంపెనీలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. జొమాటో 2023 జనవరిలో దాదాపు 225 చిన్న నగరాల నుంచి బయటికొచ్చింది. ఆ విషయాన్ని వాటాదారులకు రాసిన ఉత్తరంలోనే చెప్పింది. ఆ నగరాలన్నీ కలిపినా, 2022 డిసెంబరుతో ముగిసిన క్వార్టర్ మొత్తం ఆర్డర్ల విలువలో వాటి వంతు 0.3 శాతం. సగటులో ఆ 225 ఊళ్లు కంటికి కూడా కనిపించవు. ఊరూరా విడదీసి చూసుకున్నవాళ్లకే అవి కనిపిస్తాయి.

కిచెన్ పెడితే ఏం మారుతుంది, ఏం మారదు

ఫౌండర్ దీనికి వెంటనే ఒక జవాబు చెబుతాడు. "అన్నా, హెచ్ఎస్ఆర్ డబ్బా మారతహళ్లి నుంచి వెళ్తోంది కాబట్టే 50 పడుతోంది. అక్కడే కిచెన్ ఉంటే తగ్గిపోతుంది కదా." సగం నిజం. ఏ సగమో చూడాలి.

హెచ్ఎస్ఆర్‌లోనే కిచెన్ ఉంటే వెళ్లి రావడానికి 70 నిమిషాల బదులు 30 సరిపోతాయి. మిగిలేవి 120 నిమిషాలు. కానీ డబ్బాకూ డబ్బాకూ మధ్య పది నిమిషాలు అలాగే ఉంటాయి, ఎందుకంటే కిచెన్ దగ్గరైనంత మాత్రాన కస్టమర్లు ఒకరికొకరు దగ్గరవ్వరు. షిఫ్టుకు 12 డబ్బాలు, డబ్బాకు 33 రూపాయలు. 50 నుంచి 33కు దిగింది, మంచిదే. డబ్బాకు మిగిలేది 6 నుంచి 23 అయింది.

ఆ 23 మీద 6 లక్షల కిచెన్ ఖర్చు రాబట్టాలంటే రోజుకు దాదాపు 1,186 డబ్బాలు కావాలి. కిచెన్ వండగలిగేది 1,000. అంటే ఇప్పుడున్న డిస్కౌంట్లతో, ఇప్పుడున్న చెదురు ఆర్డర్లతో ఆ కిచెన్ నిండా వండినా గట్టెక్కదు.

ఈ లెక్క ఫౌండర్‌కు కొంచెం అన్యాయం చేస్తుందని కూడా ఒప్పుకోవాలి. రోజుకు వెయ్యి డబ్బాలు నిజంగా అమ్ముడైతే అవి చెదురుగా ఉండవు, ఒకే గేటు దగ్గర నలుగురు కస్టమర్లు దొరకడం మొదలవుతుంది. పది నిమిషాలు ఏడుకు, ఆరుకు దిగుతాయి. డిస్కౌంట్లు కూడా తగ్గించుకోవచ్చు. కాబట్టి మధ్యస్తంగా ఊహిద్దాం: షిఫ్టుకు 16 డబ్బాలు, డెలివరీకి 25, రాబడి 180. అప్పుడు డబ్బాకు 51 మిగులుతుంది, రోజుకు 535 డబ్బాల దగ్గర కిచెన్ ఖర్చు రాబడుతుంది.

ఉత్తరంలో ఉండాల్సిన అంకె ఇది. ఇప్పుడు 160 దగ్గర ఉన్నాం, 535కు చేరాలి. ఈ మధ్యలో నెలనెలా వచ్చే నష్టాన్ని ఎవరు భరించాలి, ఆ కస్టమర్లను ఎంతకు కొనుక్కురావాలి అనేవే అసలు ప్రశ్నలు. స్కేల్‌తో ఖర్చులు తగ్గుతాయనే మాట కూడా ఇక్కడే పరీక్షకు నిలుస్తుంది. డెలివరీ ఖర్చు తగ్గేది కంపెనీ మొత్తం అమ్మకాలు పెరిగితే కాదు, ఒక పేటలో అమ్మకాలు చిక్కబడితే. నాలుగు పేటల్లో 160 చొప్పున 640 డబ్బాలు అమ్మడం, ఒకే పేటలో 640 అమ్మడం ఒకటి కాదు. బియ్యం, నూనె, కందిపప్పు ఎక్కువ కొంటే కొంత రేటు తగ్గుతుంది గానీ ఆ లాభం డబ్బాకు రెండు మూడు రూపాయలు దాటడం కష్టం.

ఐదు వందల కస్టమర్, ఆరు వేల కస్టమర్

ఉత్తరంలో అందరికీ నచ్చే వాక్యం ఇంకోటి ఉంది: 500 ఖర్చు పెట్టి 4,000 సంపాదిస్తున్నాం. మొదటిదాన్ని సీఏసీ అని, రెండోదాన్ని ఎల్‌టీవీ అని రాస్తారు. రెండోది మొదటిదానికి మూడింతలుంటే బాగున్నట్టు అని పెట్టుబడిదారుల్లో ఒక వాడుక ఉంది. ఇక్కడ ఎనిమిదింతలు.

ముందు 500. నెలకు మార్కెటింగ్ ఖర్చు 2 లక్షలు, కొత్త కస్టమర్లు 400 మంది, భాగిస్తే 500. కానీ ఆ 400లో 250 మంది ప్రకటన చూసి వచ్చినవాళ్లు కాదు. మారతహళ్లి పీజీల వాట్సాప్ గ్రూపుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో ఒకరు చెబితే ఇంకొకరు విని వచ్చినవాళ్లు. డబ్బు పెట్టి తెచ్చుకున్నది 150 మందిని, దాదాపు అందరూ హెచ్ఎస్ఆర్‌వాళ్లే. 2 లక్షలను 150తో భాగిస్తే 1,333. కొత్త పేటలో మనకు పడబోయే రేటు అదే. నోటి మాటతో వచ్చేవాళ్లు ఆ పేటలో ఇంకా లేరు.

ఇప్పుడు 4,000. కస్టమర్ నెలకు 8 డబ్బాలు తీసుకుంటాడు, నెలకు 10 శాతం మంది మానేస్తారు కాబట్టి సగటున పది నెలలు ఉంటాడు, 80 డబ్బాలు, డబ్బాకు 50. ఈ సూత్రంలో ఒక ఊహ దాగి ఉంది: కొత్తవాడైనా పాతవాడైనా మానేసే అవకాశం ఒకటే అని. అలా ఎప్పుడూ ఉండదు. ఆఫర్ కోసం వచ్చినవాడు ఆఫర్ అయిపోగానే వెళ్లిపోతాడు, ఆ దశ దాటినవాడు చాలాకాలం ఉంటాడు. మారతహళ్లిలో పదహారు వందల మంది పాత కస్టమర్లు ఉన్నారు, వాళ్లలో నెలకు వంద మంది కూడా మానరు. హెచ్ఎస్ఆర్‌లో ఎంతమంది మానేస్తున్నారో ఆ పెద్ద గుంపులో కలిసిపోయి, మొత్తం మీద 10 శాతంగా కనిపిస్తోంది.

దీన్ని పట్టుకోవడానికి ఒకటే దారి. ఒక నెలలో చేరినవాళ్లను ఒక బ్యాచ్‌గా కట్టి, వాళ్లను మాత్రమే తర్వాతి నెలల్లో లెక్కపెట్టాలి. కోహోర్ట్ టేబుల్ అంటారు. హెచ్ఎస్ఆర్‌కు మూడు నెలల డేటానే ఉంది, కాబట్టి మొదటి మూడు అంకెలు చూసినవి, తర్వాతివి ఆ వరసను బట్టి వేసిన అంచనా. చేరినవాళ్లు 100 మంది అయితే రెండో నెలలో 45, మూడో నెలలో 30, ఆపైన 25, 23, 22. ఆరు నెలలు కలిపితే నూరు మంది మీద 245 కస్టమర్-నెలలు, అంటే తలకు 2.45 నెలలు. నెలకు 6 డబ్బాల చొప్పున 15 డబ్బాల లోపు.

డబ్బాకు ఇప్పటి 6 రూపాయలు వేసుకుంటే ఆరు నెలల్లో ఒక కస్టమర్ మీద వచ్చేది 88 రూపాయలు. పెట్టింది 1,333. సరే, ఏదో ఒకలా హెచ్ఎస్ఆర్ కూడా మారతహళ్లి అంత బాగుపడి డబ్బాకు 61 మిగిలిందనుకుందాం. అప్పటికీ ఆరు నెలల్లో సుమారు 900. నిలబడ్డ 22 మందిలో ఇద్దరు పోయి, మిగతా ఇరవై మంది ఇంకో ఆరు నెలలు ఉంటే, ఏడాది ముగిసేసరికి పెట్టిన 1,333 తిరిగొస్తుంది. ఎనిమిదింతలు అన్నది, అన్నీ కలిసొచ్చినా, ఏడాదికి ఒక్కింత.

ఇంకో విధంగా చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నూరు మందిని తెస్తే నిలబడేది 22 మంది. కాబట్టి నిలబడే ఒక్క కస్టమర్‌కు పడేది 1,333ను 0.22తో భాగిస్తే వచ్చేది, అంటే ఆరు వేల పైచిలుకు. హెచ్ఎస్ఆర్ కిచెన్ 160 నుంచి 535 డబ్బాలకు చేరాలంటే రోజుకు 375 డబ్బాలు పెరగాలి, నెలకు 8,250. నెలకు ఆరు డబ్బాలు తినేవాళ్లు 1,375 మంది నిలబడాలి. అందరినీ ప్రకటనలతోనే తెస్తే దాదాపు 83 లక్షలు. సగం మంది నోటి మాటతో వచ్చినా 40 లక్షల పైమాటే. ఇది ఒక్క కిచెన్‌కు, ఒక్క మార్కెటింగ్‌కు మాత్రమే. కిచెన్ కట్టే ఖర్చు, నిండేదాకా నెలనెలా మోయాల్సిన నష్టం వేరు. మూడు కిచెన్లకు 2 కోట్లు చాలవని ఈ అంకెల్లోంచే తేలిపోతోంది. ఏడాది తిరక్కముందే మళ్లీ డబ్బు అడుగుతూ ఇంకో ఉత్తరం వస్తుంది.

డబ్బాకు మిగిలే 50లో మార్కెటింగ్‌ను కలపకపోవడం తప్పు కాదు. ఒక్కసారి తెచ్చుకున్న కస్టమర్ చాలా డబ్బాలు కొంటాడు కాబట్టి దాన్ని విడిగా చూడటమే పద్ధతి. విడిగా పెట్టి, ఆ తర్వాత దాని ఊసే ఎత్తకపోతే మాత్రం కథ మారుతుంది. 2011లో గ్రూపాన్ అమెరికాలో ఐపీవోకు వెళ్తూ, కొత్త కస్టమర్లను తెచ్చుకునే ఆన్‌లైన్ మార్కెటింగ్ ఖర్చును పక్కన పెట్టిన ఒక సొంత కొలత చూపించింది. దాని ప్రకారం 2010లో 6 కోట్ల డాలర్ల పైగా లాభం. మామూలు లెక్కల్లో అదే ఏడాది నిర్వహణ నష్టం 42 కోట్ల డాలర్లు. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ప్రశ్నించాక ఆ కొలతను గ్రూపాన్ వదులుకుంది.

ఇదే డబ్బుతో దగ్గర్లో ఉన్నది

విడదీసి చూశాక ఇంకో విషయం బయటపడుతుంది. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చేది ఇదే. మారతహళ్లి కిచెన్ వెయ్యి డబ్బాలు వండగలదు, 800 వండుతోంది. ఆ మిగిలిన 200 డబ్బాలు మారతహళ్లి, బెళ్లందూరుల్లోనే అమ్మితే డబ్బాకు 61 చొప్పున నెలకు దాదాపు 2.7 లక్షలు. అద్దె పెరగదు, వంటవాళ్లు దాదాపు అంతే. ఇప్పుడు హెచ్ఎస్ఆర్ మొత్తం మీద నెలకు వస్తున్నది 21 వేలు.

అంటే ఉత్తరం ఒక కొత్త కిచెన్ మీద ఆశించిన 2.8 లక్షలకు దగ్గర మొత్తం, పాత కిచెన్‌లోనే ఖాళీగా పడి ఉంది. ఫౌండర్ దీన్ని చూడలేదంటే ఆశ్చర్యం లేదు. సగటు 50 అనే అంకె చేతిలో ఉన్నవాడికి అన్ని పేటలూ ఒకేలా కనిపిస్తాయి, కొత్త పేట అయితే ఉత్తరంలో రాయడానికి కూడా బాగుంటుంది.

దీనికీ హద్దులున్నాయి. మారతహళ్లిలో ఇంకో 200 డబ్బాలు తినేవాళ్లు ఉన్నారా అన్నది తేలాలి. నోటి మాటతో రావాల్సినవాళ్లు చాలావరకు వచ్చేసి ఉంటే, మిగిలినవాళ్లకు ఇక్కడ కూడా ప్రకటనల మీద ఖర్చు పెట్టాల్సి వస్తుంది. నెలనెలా నోటి మాటతో వచ్చే 250 మంది 240, 210, 180 అని తగ్గుతూ పోతుంటే ఆ పేట నిండుతున్నట్టు. ఇంకా పెరుగుతుంటే అక్కడ చోటుంది. వెయ్యి దాటితే ఇంకో స్టీమర్, ఇంకో వంటమనిషి కావాలి, 6 లక్షలు ఒక్కసారిగా 8 అవుతుంది. కిచెన్ ఖర్చును స్థిరం అని రాస్తాం గానీ అది మెట్లు మెట్లుగా పెరిగే ఖర్చు.

రాత్రి పూట సంగతి కూడా ఉత్తరంలో లేదు. అద్దె ఇరవై నాలుగు గంటలకు కడుతున్నారు, కిచెన్ నడిచేది మధ్యాహ్నం దాకా. అదే మారతహళ్లి పీజీల్లో రాత్రి భోజనానికి కష్టపడేవాళ్లు వేలల్లో ఉంటారు. పీజీ అంటే ఒకే గేటు, ముప్పై గదులు. డెలివరీ టెక్ పార్కు కంటే చవకగా పడుతుంది. ధర మాత్రం 185 పలకదు, 130 దాటితే కొనరేమో. అప్పుడు మెనూ తగ్గించాలి, సరుకుల ఖర్చు 76 నుంచి ఎక్కడికి దిగుతుందో చూడాలి. వారం రోజులు రెండు పీజీల్లో అమ్మి చూస్తే తెలిసిపోతుంది, దీనికి కోట్లు అక్కర్లేదు.

ఫౌండర్‌ను ఏం అడగాలి

ఇన్ని లెక్కలు పెట్టుబడి పెట్టిన బాబాయి వేసుకోనక్కర్లేదు. ఫౌండర్‌కు తిరిగి రాసే మెయిల్‌లో రెండు టేబుళ్లు అడిగితే చాలు. ఒకటి, డబ్బాకు మిగులుతున్నది పేటవారీగా, నెలనెలా. రెండోది, డబ్బు పెట్టి తెచ్చుకున్న కస్టమర్లు మాత్రమే, చేరిన నెలవారీగా, ప్రతి నెలా ఎంతమంది మిగిలారో. "నాయనా, ఈ రెండూ పంపించు, తర్వాత మాట్లాడుకుందాం" అంటే సరిపోతుంది. మొదటి టేబుల్‌లో హెచ్ఎస్ఆర్ డబ్బా నెలనెలా 6 నుంచి 15కు, 15 నుంచి 25కు ఎక్కుతూ ఉంటే, అదీ డిస్కౌంట్లు పెంచకుండా జరుగుతుంటే, ఫౌండర్ చెప్పే స్కేల్ కథకు ఆధారం ఉన్నట్టే. ఆరు దగ్గరే ఆగి ఉండి, డబ్బాల సంఖ్య మాత్రమే పెరుగుతుంటే, ఆ పెరుగుదలను డిస్కౌంట్లతో కొంటున్నారు. రెండో టేబుల్‌లో కొత్త బ్యాచ్‌లు పాత బ్యాచ్‌ల కంటే త్వరగా కరుగుతుంటే, సులువుగా దొరికే కస్టమర్లు అయిపోయారని, ఇక 1,333 కూడా 1,600 అవుతుందని అనుకోవచ్చు.

కొందరు ఫౌండర్లు "పేటవారీ లెక్కలు ఇంకా పెట్టుకోలేదన్నా" అంటారు. అది నిజమే కావచ్చు, చిన్న కంపెనీల్లో లెక్కలన్నీ ఒకే షీట్‌లో ఉంటాయి. అయితే 2 కోట్లు అడగక ముందే ఆ పని చేయించాలి, డిస్పాచ్ షీట్, డిస్కౌంట్ కూపన్ల రిపోర్టు ఉంటే రెండు రోజుల్లో అయిపోతుంది.

అవి చేతికొచ్చాక ఉత్తరంలో అడిగేది కూడా మారుతుంది. మూడు కిచెన్లకు 2 కోట్లు అనే బదులు, ముందు మారతహళ్లిని వెయ్యికి నింపడానికి, రాత్రి భోజనం పరీక్షించడానికి కొన్ని లక్షలు. హెచ్ఎస్ఆర్‌లో డిస్కౌంట్ సగానికి తగ్గించి, అన్ని సెక్టార్లకు బదులు ఆఫీసులు దగ్గర దగ్గరగా ఉన్న రెండు సెక్టార్లకే అమ్మాలి. మారతహళ్లి నుంచి పంపుతూనే షిఫ్టుకు 8 బదులు 12 డబ్బాలు ఇవ్వగలిగి, ఆఫర్ అయిపోయాక కూడా నూటికి నలభై మంది మూడో నెలలో మిగిలితే, హెచ్ఎస్ఆర్ కిచెన్‌కు డబ్బు. ఆ రెండూ జరగకపోతే అక్కడి 160 డబ్బాలు ఆపేసి ఆ బండ్లను బెళ్లందూరు వైపు తిప్పడం.